రాత్రి షిఫ్టు పనిలో బాట్ ఏం తీసుకెళ్లింది, ఏం మిగిల్చింది

అందరికీ నమస్కారం. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో మైకు పట్టుకుని గ్రాంథికం మాట్లాడితే బాగోదు, అందుకని ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడతాను. మధ్యలో ఆపి అడగాలనిపిస్తే అడగండి, ఏం పర్లేదు.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, ఈ వైపు నుంచి డిగ్రీ అయిన పిల్లలు వైజాగ్ వెళ్తారు, లేదంటే హైదరాబాద్ వెళ్తారు. "మా అబ్బాయి కంపెనీలో చేస్తున్నాడు" అని ఇంట్లో చెప్తారు గానీ ఏం చేస్తున్నాడో అడిగితే ఎవరికీ సరిగ్గా తెలీదు. చాలామంది చేసేది మెడికల్ బిల్లింగ్. నేనూ ఆ పనిలోనే ఏళ్లు గడిపాను, ఏఆర్ కాలర్‌గా, అంటే రావాల్సిన డబ్బు కోసం ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసే పనిలో చేరి, తర్వాత టీం చూసుకున్నాను. అందుకే ఇవాళ కాల్ సెంటర్లన్నిటి గురించీ కాకుండా ఈ ఒక్క పని గురించే, మనిషి బదులు పని చేసే సాఫ్ట్‌వేర్ అయిన బాట్ దీన్ని ఎలా మార్చిందో మాట్లాడతాను.

ముందు పనేంటో చెప్తాను, పెద్దవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి. అమెరికాలో ఒకాయన డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. డాక్టర్ బిల్లుని ఇన్సూరెన్స్ కంపెనీకి పంపుతారు, దాన్ని క్లెయిమ్ అంటారు. ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బులిస్తారు, లేదా కోత పెట్టి ఇస్తారు, లేదా తిప్పి పంపుతారు. కొన్నిసార్లు అసలు ఉలుకూ పలుకూ ఉండదు. అప్పుడు ఫోన్ చేసి "మా క్లెయిమ్ అందిందా, ఏ తేదీన అందింది, డబ్బులు వేశారా, వేస్తే చెక్ నంబర్ ఎంత, వెయ్యకపోతే కారణం ఏంటి" అని ఎవరో ఒకరు అడగాలి కదా, ఆ అడిగేది మన పిల్లలు. వాళ్లకి పగలు కాబట్టి మనకి రాత్రి. ఫోన్ కలిశాక ఒకటి నొక్కండి రెండు నొక్కండి అయ్యాక, హోల్డ్ మ్యూజిక్ వింటూ ఒక్కోసారి ఇరవై నిమిషాలు కూర్చోవాలి. చివరికి మనిషి దొరికితే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది, ఆ వివరం సాఫ్ట్‌వేర్‌లో నోట్ రాసి ఇంకో క్లెయిమ్ తీస్తారు. రోజుకి ఇన్ని అని టార్గెట్ ఉంటుంది, దాని టెన్షన్ వేరే.

ఈ ప్రశ్నని ఫోన్ లేకుండా కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి అడిగే పద్ధతి కొత్తదేం కాదు. అమెరికాలో 1996లో వచ్చిన హిపా చట్టం కింద దీనికో ప్రామాణిక ఫార్మాట్ పెట్టారు, అడిగేది 276, జవాబు 277. మరి ఇన్నేళ్లు మనుషులతో ఎందుకు చేయించారంటే, ఆ జవాబు చాలాసార్లు అరకొరగా వస్తుంది, "ముగిసింది, తిరస్కరించాం" అని వచ్చి అసలు కారణం రాదు, చిన్న క్లినిక్‌ల సాఫ్ట్‌వేర్ పాతది, పైగా మన జీతాలు తక్కువ. లెక్క వేస్తే మనిషే చవక. ఆ లెక్క ఇప్పుడు మారింది. బాట్ ఇన్సూరెన్స్ కంపెనీ వెబ్‌సైట్‌లోకి లాగిన్ అయి క్లెయిమ్ నంబర్ కొట్టి, అక్కడున్నది చదివి, నోట్ కూడా తనే రాసేస్తోంది. ఆ తర్వాత ఫోన్ చేసి మాట్లాడే బాట్‌లు కూడా వచ్చాయి. వాటికి హోల్డ్ మ్యూజిక్ విసుగు పుట్టదు.

ముందు పోయేవి మూడు పనులు: పేషెంట్ రాకముందు అతని ఇన్సూరెన్స్ చెల్లుతుందో లేదో చూడటం, వచ్చిన డబ్బుని ఖాతాలో ఎక్కించడం, క్లెయిమ్ ఎక్కడుందో కనుక్కోవడం. అలా అని ఒక రోజు పొద్దున్నే అందర్నీ పంపేస్తారని అనుకోకండి, నేను చూసినంతలో అలా జరగలేదు. మానేసినవాళ్ల స్థానంలో మనిషిని తీసుకోరు. ఏడాదికి రెండు ఫ్రెషర్ బ్యాచ్‌లు వచ్చేచోట ఒకటే వస్తుంది, తర్వాత అదీ రాదు. ఉన్నవాళ్లకి తెలియకుండానే టీం సగమవుతుంది. నాకు దీనికంటే బాధ కలిగించేది ఇంకోటుంది. ఆ తేలిక పని చేస్తూనే మేమంతా అసలు పని నేర్చుకున్నాం. వెయ్యి క్లెయిమ్‌ల కారణాలు విన్నాకే వెయ్యిన్నొకటోది వినగానే ఎక్కడ తేడా కొడుతోందో తెలిసేది. ఇప్పుడు ఆ తేలిక పని లేదు, కంపెనీలేమో అనుభవం ఉన్నవాళ్లే కావాలంటున్నాయి. ఫ్రెషర్లు ఆ అనుభవం ఎక్కడ తెచ్చుకోవాలో ఎవరూ చెప్పట్లేదు.

మీలో ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఒక పని చేయండి. ఈ వారం మీరు రాసిన నోట్స్‌లో ఒక యాభై తీసి చదవండి. తేదీ, నంబర్ మారుతూ మిగతాదంతా ఒకే మూసలో ఉందంటే ఆ పని బాట్‌కి వెళ్లిపోయేదే. మీరు సొంతంగా ఆలోచించి ఏదైనా తేల్చినవి ఎన్ని ఉన్నాయో చూసుకోండి.

తేల్చడం అంటే ఏంటో ఒక కేసు చెప్తాను. పేరూ ఊరూ మార్చి చెప్తున్నాను, కానీ ఇలాంటివి రోజూ వస్తాయి. మోకాలికి ఎంఆర్ఐ తీశారు. క్లెయిమ్ తిరిగొచ్చింది, స్క్రీన్ మీద CO-197 అని ఉంది. అంటే స్కాన్‌కి ముందుగా తీసుకోవాల్సిన అనుమతి లేదని. బాట్ నోట్ రాసింది: అనుమతి లేదు, క్లినిక్‌ని అడగాలి. క్లినిక్ వాళ్లు బిజీ, జవాబివ్వరు, కొన్నాళ్లకి ఆ డబ్బు వదులుకుంటారు. బాట్ రాసింది తప్పు కాదు, దానికి కనిపించింది అంతే.

అదే క్లెయిమ్ తెలిసిన మనిషి తీస్తే ముందు అపాయింట్‌మెంట్ కాగితాల్లోకి వెళ్తారు. అక్కడ అనుమతి నంబర్ ఉంది! మరి లేదని ఎందుకన్నారు? అనుమతి ఏ కోడ్‌కి తీసుకున్నారో చూస్తే 73721, అంటే మందు ఎక్కించకుండా తీసే మోకాలి స్కాన్. బిల్లు వేసింది 73723కి, అంటే ముందు మామూలుగా తీసి తర్వాత కాంట్రాస్ట్ మందు ఎక్కించి మళ్లీ తీసింది. రేడియాలజిస్ట్ రిపోర్ట్ చదివితే మొదటి చిత్రాల్లో ఏదో అనుమానంగా కనిపించి డాక్టర్ ఆర్డర్ మార్చారని ఉంది. అదీ సంగతి. చేసిన పని సరైనదే, అనుమతి పాత పనికి ఉండిపోయింది.

ఇక్కడ కొత్తవాళ్లకి తట్టే ఉపాయం ఒకటుంది, కోడ్‌ని 73721గా మార్చి మళ్లీ పంపేస్తే డబ్బులొస్తాయి కదా అని. అలా చేయకూడదు. చేసిన స్కాన్ ఒకటి, రాసింది ఒకటి అయితే అది తప్పుడు బిల్లు, కేసవుతుంది. చేయాల్సింది ఏంటంటే, ఆ ఇన్సూరెన్స్ కంపెనీ స్కాన్ అయ్యాక కూడా అనుమతి సవరించుకోనిస్తుందా, ఎన్ని రోజుల్లోపు అని చూడాలి. కంపెనీకో నియమం ఉంటుంది. గడువులో ఉంటే సవరణ అడగాలి, లేకపోతే రిపోర్ట్, మారిన ఆర్డర్ జతచేసి అప్పీలు రాయాలి. అప్పీలుకీ గడువు ఉంటుంది, అమెరికా ప్రభుత్వ మెడికేర్‌లో అయితే మొదటి అప్పీలుకి 120 రోజులు. ప్రైవేటు కంపెనీలవి వేరువేరు.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. మూడు నెలల తిరస్కరణలు ఎక్సెల్‌లోకి దించి పివట్ వేస్తే, ఈ CO-197లు ఎక్కువ భాగం ఒకే క్లినిక్ నుంచి, ఎంఆర్ఐలకే వస్తున్నాయని కనిపించొచ్చు. అప్పుడు తప్పు బిల్లింగ్‌లో లేదు, ఆర్డర్ మారినప్పుడు అనుమతి విభాగానికి చెప్పే అలవాటు ఆ క్లినిక్‌లో లేదు. ఇది పట్టుకుని ఒక పేజీ మెయిల్ రాసినవాళ్లని ఏ మేనేజరూ వదులుకోడు. నేను చూసినవాళ్లలో నిలబడ్డవాళ్లు ఎక్కువగా ఇలా నిలబడ్డవాళ్లే. దీనికి ప్రోగ్రామింగ్ భాషలు రానక్కర్లేదు, పివట్ టేబుల్, VLOOKUP, తప్పుల్లేని నాలుగు ఇంగ్లీషు పేరాలు చాలు. కాకపోతే ఈ స్థానాలు తక్కువ. పాతిక మంది చేసిన చోట ఐదారుగురు చాలు. అందరూ ఇందులో ఇముడుతారని నేను చెప్పలేను.

సరే, మరి మెడికల్ కోడింగ్ సర్టిఫికెట్ గురించి అడుగుతారు. డాక్టర్ రాసిన నోట్ చదివి కోడ్‌లు వేసే పని. సీపీసీ అని పరీక్ష ఉంది, 100 ప్రశ్నలు, 4 గంటలు, కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకోవచ్చు, 70 శాతం రావాలి. పాసయ్యాక కూడా అనుభవం లేనివాళ్ల పేరు పక్కన అప్రెంటిస్ గుర్తుగా ఒక "A" ఉంటుంది, అది పోవడానికి మామూలుగా పనిచేసిన అనుభవం చూపించాలి. నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లకి ఇది ఇంకా మంచి దారే. బీకాం వాళ్లు శరీర నిర్మాణం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, ఓపిక ఉంటేనే దిగండి. ఇంకో మాట, ఇందులోకీ యంత్రం వచ్చింది. ఎక్స్‌రే లాంటి చిన్న రిపోర్టుల కోడింగ్ ముందు పోతుంది, శస్త్రచికిత్సలు, ఆసుపత్రిలో రోజులు ఉన్న కేసులు నెమ్మదిగా. నేర్చుకుంటే రెండోవైపు చూసి నేర్చుకోండి.

మూడో దారి మన గుమ్మం ముందే ఉంది, ఎవరూ పట్టించుకోరు. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ అమలవుతోంది, గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి. ఆంధ్రాలో పథకం వేరే ఉంది. మనవాళ్లు జబ్బు చేస్తే బరంపురం వెళ్తారు, లేకపోతే శ్రీకాకుళం, వైజాగ్. ఆయుష్మాన్ భారత్‌లో ఉన్న ఆసుపత్రుల్లో బయటి రాష్ట్రం కార్డు కూడా చెల్లుతుంది. ఆ ఆసుపత్రిలో పథకం డెస్క్‌లో జరిగేది ఏంటో గమనించండి: ముందు అనుమతి, ప్యాకేజీ ఎంపిక, కాగితాలు అప్‌లోడ్, "ఇది సరిపోలేదు" అని ప్రశ్న వస్తే జవాబు, తర్వాత క్లెయిమ్. నేను ఇందాక చెప్పిన మోకాలి కథే ఇది, కోడ్‌లు వేరు అంతే. ప్లాన్ చేసింది ఒక ఆపరేషన్, లోపలికెళ్లాక చేసింది ఇంకోటి, అనుమతి సవరించలేదు, క్లెయిమ్ ఆగింది. ఒడియాలో ఉన్న రేషన్ కార్డు చదవగలిగి, పేషెంట్ తరఫు పెద్దమ్మతో తెలుగులో మాట్లాడి, ఇంగ్లీషులో జవాబు రాయగలిగిన మనిషి ఆ డెస్క్‌కి కావాలి. అలాంటివాళ్లు ఈ హాల్లోనే సగం మంది ఉన్నారు. జీతం మాత్రం వైజాగ్ నైట్ షిఫ్ట్ అంత రాదు, ముందే చెప్తున్నాను. గది అద్దె, హాస్టల్ తిండి, క్యాబ్ లేని రోజు ఆటో ఖర్చు తీసేసి చూసుకుంటే తేడా ఎంతో మీ ఇంటి లెక్క మీరే వేసుకోవాలి.

చివరగా ఇన్‌స్టిట్యూట్‌ల సంగతి. నూరు శాతం ప్లేస్‌మెంట్ అని ఫ్లెక్సీ కడతారు. ఫీజు కట్టే ముందు రెండు అడగండి. ఏ సంవత్సరం పుస్తకాలతో చెప్తున్నారు అని ఒకటి. చేసిన వైద్యానికి వేసే సీపీటీ కోడ్‌లు ఏటా జనవరి 1న మారతాయి, జబ్బుకి వేసే, అమెరికా వాడే ఐసీడీ కోడ్‌లు అక్టోబర్ 1న. నాలుగేళ్ల కిందటి జెరాక్స్ కట్ట చూపిస్తే లేచి వచ్చేయండి. రెండోది, తిరస్కరించిన క్లెయిమ్ ఒకటి, పేరు చెరిపేసినది, బోర్డు మీద వేసి ఎందుకు తిరిగొచ్చిందో అరగంట చెప్పమనండి. చెప్పేవాడు అనుభవం ఉన్నవాడైతే అరగంట సరిపోదంటాడు. లేనివాడైతే "అది సెకండ్ మాడ్యూల్‌లో వస్తుంది బాబూ" అంటాడు.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక కూడా. నేర్చుకోవడం కోసమని పేషెంట్ వివరాలున్న స్క్రీన్ ఫోటో తీసి ఇంటికి తేవద్దు, వాట్సాప్‌లో అసలు పెట్టొద్దు, ఉద్యోగం అక్కడికక్కడే పోతుంది. ఆఫీసు బయట ఒక నోట్‌బుక్‌లో తిరస్కరణ కోడ్, ఏ రకం ఇన్సూరెన్స్, మూల కారణం, ఏం చేస్తే పని జరిగింది, ఈ నాలుగు గడులు రాసుకోండి, పేరూ నంబరూ లేకుండా. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ముందు అవే అడుగుతారు. ఇంక మీ ప్రశ్నలు, ఆ వెనక వరుసలో చెయ్యెత్తిన అమ్మాయి నుంచి మొదలెడదాం.