చేత్తో తిప్పే ఫ్లైవీల్ కిట్: చక్రం బాగుంది, కాగితం తప్పు

నమస్కారం. ముందు ఒక మాట చెప్పేస్తాను. తిప్పిన శక్తిని చక్రంలో దాచుకునే ఈ ఫ్లైవీల్ కిట్‌ని తయారీదారులే ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. పెట్టెలో ఏముంటాయో, కొలతలేంటో అమ్మే పేజీలో మీరు చూసే ఉంటారు కాబట్టి వాటిని చదివి వినిపించను. ఈ వీడియోలో లెక్కలకు కావలసినంత వరకే చెప్తాను. చక్రం ఆరు మిల్లీమీటర్ల అక్రిలిక్, అడ్డంగా 20 సెంటీమీటర్లు, బరువు 220 గ్రాములు. కేంద్రం నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర నాలుగు రంధ్రాలు, 8 సెంటీమీటర్ల దగ్గర నాలుగు రంధ్రాలు. బిగించడానికి స్టీలు బిళ్లలు, బోల్టుతో కలిపి ఒక్కొక్కటి 50 గ్రాములు. హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే చక్రం ఎనిమిది చుట్లు తిరుగుతుంది. చక్రంతో పాటు తిరిగే చిన్న మోటారు ఒక ఎర్ర ఎల్ఈడీని వెలిగిస్తుంది.

ముందు నచ్చింది చెప్తాను, ఎందుకంటే తర్వాత తిట్టాల్సింది చాలా ఉంది. హ్యాండిల్ లోపల సైకిల్‌కి ఉన్నట్టు ఫ్రీవీల్ పెట్టారు. తిప్పి వదిలేస్తే హ్యాండిల్ ఆగిపోతుంది, చక్రం దానంతటది తిరుగుతూనే ఉంటుంది. వీళ్ల పాత మోడల్‌లో ఇది లేదు. వదిలిన హ్యాండిల్ చక్రంతో పాటే తిరిగేది, వేలు అడ్డం పెడితే గట్టిగా తగిలేది. పైగా గేర్ల రాపిడి మొత్తం చక్రం మీదే పడి, తిప్పినదంతా కాసేపట్లోనే వృథా అయ్యేది. ఈ ఒక్క మార్పుతో బొమ్మ కాస్తా కొలవగలిగే పరికరం అయింది.

ఇక కిట్‌తో వచ్చిన సూచనల కాగితం సంగతి. దాన్లో ప్రయోగం ఇలా రాశారు: "హ్యాండిల్ 20 చుట్లు తిప్పండి, ఎల్ఈడీ ఎన్ని సెకన్లు వెలుగుతుందో లెక్కపెట్టండి, బరువులు బయటికి జరిపి మళ్లీ అదే చేయండి." అలా చేస్తే ఏమవుతుందో తెలుసా? బరువులు బయటికి జరిపినప్పుడు ఎల్ఈడీ ముందే ఆరిపోతుంది! పిల్లలు "బరువు అంచుకి జరిపితే శక్తి తగ్గుతుంది" అని రికార్డులో రాసుకుంటారు. నిజానికి ఒకే వేగం దగ్గర పోల్చి చూస్తే జరిగేది సరిగ్గా దానికి తలకిందులు.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం. మీరు 20 చుట్లు ఒకే బలంతో తిప్పారనుకోండి. మీ చెయ్యి చేసిన పని అంటే బలం, అది కదిలిన దూరం, ఈ రెండింటి లబ్ధం. చక్రం తేలికైనదైనా బరువైనదైనా ఆ లబ్ధం ఒకటే. రాపిడిని పక్కన పెడితే చక్రంలోకి వెళ్లిన శక్తి కూడా ఒకటే. తేడా వేగంలో కనిపిస్తుంది. ఉత్త చక్రం 600 ఆర్‌పీఎంకి, అంటే నిమిషానికి 600 చుట్లకి, చేరే శక్తితో, బరువులు 8 సెంటీమీటర్ల దగ్గరున్న చక్రం 400 దాటి కాస్త మాత్రమే వెళ్తుంది. మరి ఎల్ఈడీ? చిన్న మోటారు ఇచ్చే వోల్టేజీ వేగాన్ని బట్టి ఉంటుంది, ఎర్ర ఎల్ఈడీకి దాదాపు 1.8 వోల్టులు కావాలి. ఈ కిట్‌లో అది 300 ఆర్‌పీఎం దగ్గర ఆరిపోతుంది. 600 నుంచి 300కి దిగితే చక్రంలోని శక్తిలో నాలుగింట మూడొంతులు బయటికొస్తుంది, ఎందుకంటే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 406 నుంచి 300కి దిగితే సగం కూడా రాదు. మిగతాది చక్రంలోనే ఉంది, ఎల్ఈడీకి అందదు, అంతే. మీరు కొలుస్తున్నది దాచిన శక్తిని కాదు, ఎల్ఈడీ తాగగలిగినదాన్ని.

దానికి తోడు ఎల్ఈడీ టక్కున ఆరదు, మెల్లగా మసకబారుతుంది. కర్టెన్ వేసిన గదిలో అది ఇంకో ఐదారు సెకన్లు కనిపిస్తుంది.

సరే, మరి ఎలా కొలవాలి? ఎల్ఈడీ వైరు ఊడదీసేయండి. చక్రాన్ని 650, 700 దాకా తిప్పి హ్యాండిల్ వదలండి. వేగం దిగుతూ 600 చూపించగానే స్టాప్‌వాచ్ నొక్కండి, 300 రాగానే ఆపండి. బరువులు ఎక్కడున్నా సరే, ఆ రెండు అంకెలు మారకూడదు.

దీని అందమేమిటంటే, రాపిడి ఎంతో మీకు తెలియక్కర్లేదు. చక్రాన్ని ఆపేది బేరింగ్ రాపిడి, గాలి. వాటి బలం వేగాన్ని బట్టి ఎలా మారినా సరే, ప్రతి అమరికలోనూ ఒకే వేగం దగ్గర ఒకేలా ఉంటే చాలు. అప్పుడు 600 నుంచి 300కి దిగడానికి పట్టే సమయం నేరుగా జడత్వ భ్రామకానికి, అంటే తిరిగే వేగం మారకుండా చక్రం ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలతకి, అనులోమంగా ఉంటుంది. వేగం ఒకటే కాబట్టి శక్తి కూడా అదే నిష్పత్తిలో ఉంటుంది. శక్తి E = ½ I ω², ఇందులో I ఆ జడత్వ భ్రామకం, ω తిరిగే వేగం. ఆ ω కదలకుండా పట్టుకున్నాం, అంతే.

ఇప్పుడు టేబుల్ మీద వచ్చిన అంకెలు. ఉత్త చక్రానికి 31 సెకన్లు. నాలుగు బిళ్లలు, అంటే 200 గ్రాములు, 4 సెంటీమీటర్ల దగ్గర పెడితే 39.5. అవే బిళ్లలు 8 సెంటీమీటర్లకి జరిపితే 60. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు: "వ్యాసార్థం రెట్టింపు చేశాం కదా, నాలుగింతలు రావాలి, 39.5కి 60 వచ్చిందేంటి?" అని. నాలుగింతలు అయ్యేది బిళ్లల వాటా. చక్రం వాటా మారదు, దాన్ని తీసేయాలి. 39.5లో 31 తీస్తే 8.5. అరవైలో 31 తీస్తే 29. నిష్పత్తి 3.4. నాలుగు వైపు వెళ్తోంది గానీ ఇంకా తక్కువే.

ఆ తక్కువ ఎందుకు? గాలి వల్ల. తొమ్మిది మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్లలు 8 సెంటీమీటర్ల దగ్గర రెట్టింపు వేగంతో గాలిని చిలుకుతాయి. అంటే "అన్ని అమరికల్లో రాపిడి ఒకటే" అన్న మన షరతు అక్కడ తప్పింది. చెవి దగ్గర పెట్టి వింటే తెలుస్తుంది, బయటి అమరికలో బుస్సుమని శబ్దం వస్తుంది.

దీనికి మందు థర్మోకోల్. బిళ్ల సైజులోనే ముక్కలు కోసి, ఖాళీగా ఉన్న ప్రతి చోటా, చక్రం రెండు వైపులా, డబుల్ సైడ్ టేపుతో అంటించండి. ఒక్కో ముక్క గ్రాము కూడా ఉండదు కాబట్టి జడత్వం మారదు. గాలికి మాత్రం ప్రతిసారీ అదే ఆకారం ఎదురవుతుంది. బిళ్ల పెట్టేచోట ముక్క తీసేసి బిళ్ల పెట్టాలి, ఖాళీ అయినచోట ముక్క అంటించాలి. ఇప్పుడు అంకెలు: ఉత్త చక్రానికి 27, లోపల 35.5, బయట 59. ఉత్త చక్రం సమయం తగ్గింది, కంగారు పడకండి, గాలి ఎక్కువైంది కదా. తేడాలు 8.5, 32. నిష్పత్తి దాదాపు 3.8.

ఇంకా నాలుగు రాలేదే అంటారా? రాకూడదు. బిళ్ల ఒక చుక్క కాదు, మూడు సెంటీమీటర్ల వెడల్పున్న ముక్క. చక్రంతో పాటు అది తన చుట్టూ తాను కూడా తిరుగుతోంది. లోపలి అమరికలో ఆ చిన్న వాటా ఏడు శాతం దాకా ఉంటుంది, బయట రెండు శాతం లోపే. అది కలిపితే లెక్క ప్రకారం రావాల్సిందే 3.8. ఎవరైనా సరిగ్గా నాలుగు వచ్చిందని చూపిస్తే వాళ్ల నోట్‌బుక్ నేను నమ్మను.

బరువు రెట్టింపు చేయడం ఒక్క ముక్కలో అయిపోతుంది. 4 సెంటీమీటర్ల దగ్గర చక్రానికి రెండు వైపులా బిళ్లలు బిగిస్తే 400 గ్రాములు. సమయం 44 సెకన్లు, తేడా 17. మొదటి 8.5కి రెట్టింపు. అంటే ఇంకో 200 గ్రాములు కొని తేవడం కంటే ఉన్న 200 గ్రాములే నాలుగు సెంటీమీటర్లు బయటికి జరపడం మేలు. 600 ఆర్‌పీఎం దగ్గర జౌళ్లలో చెప్పాలంటే, ఉత్త చక్రంలో 2.2, 400 గ్రాములు లోపల ఉంటే 3.5, 200 గ్రాములు బయట ఉంటే 4.7. ఆ 4.7 అంటే లీటరు నీళ్ల బాటిల్‌ను దాదాపు అర మీటరు పైకెత్తే పని. పొలాల్లో చేత్తో తిప్పి స్టార్ట్ చేసే పాత ఆయిల్ ఇంజిన్ చక్రం చూడండి, మధ్యలో పుల్లలే, ఇనుమంతా అంచునే. కుమ్మరి సారె అంచునీ బరువుగా చేసేది ఇందుకే.

ఆర్‌పీఎం చూడటానికి కిట్‌లో ఏమీ ఇవ్వలేదు. ఇది రెండో చిరాకు. లేజర్ టాకోమీటరు ఉంటే మెరిసే టేపు ఒక్క ముక్కే అంటించండి, రెండు అంటిస్తే రెట్టింపు చూపిస్తుంది. అంకె 6000 దగ్గర అతుక్కుపోతే అది చక్రం కాదు, పైనున్న లైటు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. లైటు ఆర్పి చూడండి. టాకోమీటరు లేకపోతే ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ చాలు: ఒక చుట్టుకి 24 ఫ్రేములైతే 600, 48 అయితే 300.

బిళ్లల తూకం సంగతి మరిచిపోకండి. బిళ్లలన్నీ 50 గ్రాములు అని రాశారు గానీ, వంటింటి డిజిటల్ కాటాలో పెడితే రెండు గ్రాముల దాకా తేడా ఉంది. ఆ రెండు గ్రాములు 8 సెంటీమీటర్ల దగ్గర, 600 ఆర్‌పీఎంలో, 64 గ్రాముల బరువంత బలంతో స్టాండ్‌ని సెకనుకి పదిసార్లు ఇటూ అటూ లాగుతాయి. స్టాండ్ బల్ల మీద నడవడం మొదలుపెడితే కారణం ఇదే. అది కదిలితే శక్తి కూడా అందులోకే పోతుంది, మీ సెకన్లు తగ్గుతాయి. దగ్గర బరువున్న జతల్ని ఎదురెదురుగా పెట్టండి.

చివరిగా, కాగితంలో "వీలైనంత వేగంగా తిప్పండి" అని ఉంది. వద్దు. 600 దగ్గర ఒక్కో బయటి బిళ్ల బోల్టుని కిలోన్నర బరువంత బలంతో లాగుతుంది. 1200కి వెళ్తే అది ఆరు కిలోలు దాటుతుంది. అక్రిలిక్ రంధ్రం దగ్గర సన్నటి తెల్ల గీత కనిపిస్తే ఆ చక్రం ఇక వాడకండి. వాళ్లిచ్చిన మామూలు నట్లు అదురుకి వదులవుతాయి, నైలాక్ నట్లు తెచ్చుకోండి. కళ్లద్దాలు పెట్టుకోండి. చక్రం అంచుకి ఎదురుగా కాకుండా పక్కన, ఇరుసు వైపు నిలబడండి.

నా తీర్పు: ఆ ఫ్రీవీల్ కోసం, బేరింగ్ కోసం స్కూల్ ల్యాబ్‌కి కొనొచ్చు. కాకపోతే టాకోమీటరు లేకపోయినా స్లో మోషన్ ఫోన్ అయినా ఉండాలి. రెండూ లేకపోతే వద్దు, ఎల్ఈడీని నమ్ముకుంటే తప్పు పాఠం నేర్పుతుంది. ఇంట్లో మెరుపు చూసి ఆనందించడానికైతే ఇంత డబ్బు పెట్టొద్దు. తయారీదారులకి ఒకటే అడుగుతున్నాను: ఆ 20 చుట్ల పేజీ తీసేసి, 600 నుంచి 300 దాకా సమయం రాసుకునే పట్టిక ఒకటి అచ్చేసి పెట్టండి. నైలాక్ నట్లు ఎనిమిది కూడా.