ఈసారి కాగితం చూసి చదవను

అందరికీ నమస్కారం. ఒడియా వాళ్లు కూడా ఉన్నారు కాబట్టి జుహార్. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, ఎందుకంటే నాకు ముఖ్యమైన మనుషులు ఇవాళ వెనకే కూర్చున్నారు.

మన రాయగడలో తెలుగువాళ్లూ ఒడియా వాళ్లూ కలిసి చందాలు వేసుకుని నాకీ శాలువా కప్పారు. చాలా సంతోషం. నేను రైల్వేలో కీమేన్‌ని. రోజూ ఐదారు కిలోమీటర్లు పట్టాల మీద నడవడం, ఊడిన క్లిప్పులు సుత్తితో కొట్టి బిగించడం, వెళ్లేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా చూసుకుంటూ రావడం, ఇదే నా పని. మైకు ముందు నిలబడడం ఇది రెండోసారి. మొదటిసారి ఏమైందో చెప్పకుండా ఇవాళ ఎవరికి థాంక్స్ చెప్పినా నాకు మనసొప్పదు.

మొదటిసారి కూడా ఇదే విషయానికే. మొన్న డిసెంబరులో విరిగిన పట్టా పట్టుకున్నందుకు ఒక సభలో సర్టిఫికెట్ ఇచ్చారు. రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్ పడుతుంటే ఒకాయన పుణ్యం కట్టుకుని పేర్లు రాసిచ్చారు. పెద్ద కుర్చీ నుంచి చిన్న కుర్చీ దాకా వరసగా పదకొండు పేర్లు. నేను చదువుకుంటూ పోయాను: వారికి ధన్యవాదాలు, వారికి ధన్యవాదాలు, వారికి కూడా ధన్యవాదాలు. ఎనిమిదో పేరు దగ్గర టీ ట్రే లోపలికొచ్చింది. జనం కుర్చీలు జరుపుకున్నారు, మైకు దగ్గరున్నాయన గడియారం చూపించాడు, నేను కాగితం మడిచేశాను. పదకొండో పేరు మన గేట్‌మేన్ భాయినాది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిలిస్తే లేచి నిలబడదామని గోడ దగ్గర కాచుకుని ఉన్నాడు. ఇంకో ఇద్దరి పేర్లు అసలు కాగితంలోనే లేవు. అందులో ఒకరి పేరు అప్పటికి నాకూ తెలియదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిన్న రాత్రి కూడా పట్టలేదు కానీ నిన్న ఒక పని చేశాను. కాగితం తీసుకుని ఆ పొద్దున్న ఏం జరిగిందో వరసగా రాశాను, ఎవరు ముందు చెయ్యి వేశారో వాళ్లని ముందు రాశాను. హోదా చూడలేదు. అదే చెప్తాను, కాగితం అక్కర్లేదు, జరిగినది చెప్పుకుంటూ పోతే పేర్లు వాటంతటవే వస్తాయి.

ఎక్కడ మొదలెట్టాలన్నది ఒక తిరకాసు. పట్టా నడుం మీద దాన్ని తయారుచేసిన కార్ఖానా పేరు, సంవత్సరం, నెల అచ్చు వేసి ఉంటాయి, కిందికి వంగి చూడండి ఎప్పుడైనా, అలాగని నేను అక్కడి నుంచి మొదలెడితే మనం భోజనానికి ఇళ్లకి వెళ్లలేం. అందుకని నాకు నేనే ఒక లెక్క పెట్టుకున్నాను: ఈ మనిషిని తీసేస్తే ఆ పొద్దుటి సంగతి మారిపోతుందా? మారితే పేరు ఉంటుంది, లేకపోతే ఉండదు.

ఆ లెక్కన మొదటి థాంక్స్ మా పెద్దాయనకి. నాకు ముందు ఆ బీట్‌లో కీమేన్‌గా చేసి రిటైరయ్యారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. బీట్ అప్పజెప్పిన రోజు నన్ను వెంట తీసుకెళ్లి, వంపు దాటాక ఒక వెల్డ్ దగ్గర ఆగి, "చలికాలం దీన్ని రోజూ చూడు బాబూ, దీని మీద నాకు అనుమానం" అన్నారు. అప్పటికే రెండుసార్లు పైకి చెప్పారట. మిషన్ పెట్టి చూస్తే ఏమీ తేలలేదట. ఆయన మాత్రం పక్క స్లీపర్ మీద తెల్ల పెయింట్‌తో ఒక చుక్క పెట్టుకున్నారు.

ఎందుకు చలికాలమే అంటారా? ఇనుము చల్లబడితే కుంచించుకుంటుంది కదా. పదమూడు మీటర్ల పట్టా పది డిగ్రీలు చల్లబడితే ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గాలి. వెనకటి రోజుల్లో అతుకుల దగ్గర ఖాళీ ఉండేది కాబట్టి ఆ సందులో సర్దుకునేది. ఇప్పుడు పట్టాలన్నీ వెల్డ్ చేసి పొడుగ్గా ఒకటి చేసేశారు, రెండు పక్కలా క్లిప్పులు బిగించి ఉంటాయి, తగ్గడానికి చోటు లేదు. ఆ లాగుడంతా లోపలే ఉండిపోతుంది. లోపల ఎక్కడైనా చిన్న లోపం ఉంటే, బాగా చలి ఉన్న తెల్లవారుజామున అక్కడ పుటుక్కుమంటుంది. ఆ పొద్దున్న మంచు అంతా ఇంతా కాదు, నా సుత్తి నాకే కనబడలేదు.

తెల్లచుక్క దగ్గరికొచ్చేసరికి ఆగాను. పట్టా పైభాగం చక్రాలు రాసుకుని అద్దంలా ఉంటుంది, మెరిసే గీతలా సాగిపోతూ ఉంటుంది. ఆ గీత ఒకచోట తెగి ఉంది. వంగి చిటికెన వేలు పెట్టాను, వేలు దూరింది. విరిగిన ముఖం చాలావరకు పంచదార పలుకుల్లా మెరుస్తోంది, అది కొత్తగా విరిగింది. కింది మూల మాత్రం అర్ధచంద్రంలా నల్లగా తుప్పు పట్టి ఉంది. అంటే లోపల ఎప్పటినుంచో పగులు పాకుతోంది. పెద్దాయన అనుమానం ఆ నల్ల మరకే. ఆ చుక్క లేకపోతే ఆ మంచులో నేను దాటిపోయేవాణ్ణేమో. దాటేవాణ్ణి అనే అనుకుంటున్నాను.

రెండో థాంక్స్ ఒక అమ్మకి. అప్పటికి నాకు పేరు తెలియదన్నది ఈవిడ సంగతే.

విరిగిన చోట ఎర్రజెండా పాతాను. గూడ్సు వచ్చే వేళ. ఫోన్ తీస్తే, అది కొండ కోసిన చోటు, సిగ్నల్ లేదు. బండి వచ్చే దిక్కుకి నేను పరుగెత్తాలి, గేటు రెండో దిక్కున ఉంది, అక్కడ స్టేషన్‌కి ఫోన్ ఉంది. నేనొక్కణ్ణి. అప్పుడు పుల్లలు ఏరుకుంటూ ఒకామె గట్టు దిగింది. ఆమెకి తెలుగు రాదు, ఒడియా కూడా అంతంతమాత్రం, కుయి మాట్లాడే మనిషి. ఆమె మోపులోంచి ఒక పుల్ల లాగి, ఆమె కళ్ల ముందు ఫట్‌మని విరిచి, పట్టా వైపు చూపించి, గేటు వైపు చూపించాను. అంతే. మోపు అక్కడే పడేసి చీర ఎగదోపుకుని పరుగెత్తింది. మళ్లీ వెనక్కి చూడలేదు.

నేను ఇటు పరుగెత్తాను. ఆరు వందల మీటర్ల దగ్గర పట్టా మీద ఒక పటాకా, పన్నెండు వందల దగ్గర పది పది మీటర్ల ఎడంగా మూడు. పటాకా అంటే దీపావళిది కాదు, చిన్న రేకు డబ్బీలా ఉంటుంది, పట్టాకి చుట్టి బిగిస్తాం, చక్రం ఎక్కితే పేలుతుంది, మంచులో జెండా కనబడకపోయినా డ్రైవర్‌కి వినబడుతుంది. కంకర మీద ఆ దూరం పరుగెత్తడం ఎలా ఉంటుందో మా గ్యాంగ్ వాళ్లని అడగండి.

మూడో థాంక్స్ గేటు దగ్గర భాయినాకి. తెలియని మనిషి రొప్పుతూ వచ్చి విరిగిన పుల్ల చూపిస్తే ఎవరైనా పొమ్మంటారు. భాయినా మూడు మాటల్లో అర్థం చేసుకున్నాడు, ఎందుకంటే ఆయనకి కుయి కొంచెం వచ్చు. గేటులో ఇన్నేళ్లు కూర్చుని సంతకి పోయేవాళ్లతో మాట్లాడి నేర్చుకున్నదే. వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేశాడు. స్టేషన్ మాస్టర్ గారు ఎందుకు, ఏమిటి అని అడగకుండా వాకీటాకీలో గూడ్సు డ్రైవర్‌ని పిలిచారు. నాలుగో థాంక్స్ ఆయనకి, ఐదోది డ్రైవర్ గారికి. బండి నా దగ్గరికొచ్చేసరికి అప్పటికే వేగం తగ్గించి ఉంది, పటాకాలు పేలాయి, ఆగింది. నేను గట్టు మీద కూలబడ్డాను.

2017 జనవరి 21 రాత్రి ఇక్కడికి దగ్గర్లోనే కూనేరులో హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది, ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఆ రాత్రి అక్కడికి పరుగెత్తినవాళ్లు ఉన్నారు. నేను ఎక్కువ చెప్పను. కూలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం అదే.

ఆరోది మా మేటు గారికి, గ్యాంగ్‌కి. విరిగిన చోట రెండు పక్కలా ప్లేట్లు పెట్టి క్లాంపులు బిగించి, నడిచినంత మెల్లగా బండిని దాటించింది వాళ్లు. తర్వాత ఆ ముక్క కోసి కొత్తది వెల్డ్ చేసేదాకా చలిలో కాపలా ఉన్నదీ వాళ్లే.

ఇక మా ఇంజినీర్ సార్. మొదటిసభలో సార్ పేరు పైనుండేది, కానీ ఎందుకు థాంక్స్ అన్నది ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు చెప్తాను. పటాకా డబ్బీ మీద తయారైన సంవత్సరం ఉంటుంది, పాతబడితే పేలకపోవచ్చు. చలికాలం మొదలవక ముందే సార్ అందరి సంచులూ విప్పించి, పాతవన్నీ తీసేసి కొత్తవి ఇప్పించారు. నా సంచిలోవి కూడా మార్చారు. అంటే సార్, మీరు వరసలో ఏడోవారు కాదు, అసలు రెండోవారు, కాలం లెక్కన చూస్తే. ఇదిగో చూడండి, నా వరస కూడా తప్పింది. చెప్తున్నప్పుడే తెలిసింది, ఇంట్లో రాసుకున్నప్పుడు తెలియలేదు.

మా ఆవిడకి థాంక్స్ చెప్పలేదేమని అటుపక్క ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. ఆ పొద్దున్న ఆవిడ పార్వతీపురంలో పుట్టింట్లో ఉంది. ఆ లెక్కలో నేను లేను, ఇంట్లో చెప్పుకో అని ఆవిడే అంది.

ఆ అమ్మ సంగతి. సంతలో మూడు వారాలు వెతికి పట్టుకున్నాను. ఇవాళ రమ్మన్నాను, ఇవాళ సంత రోజట, రానంది. ఆ పొద్దున్న పడేసిన మోపు ఎవరో ఎత్తుకుపోయారంది. అది నిజమే, నేనూ వెనక్కి చూడలేదు. శాలువాతో పాటు ఇచ్చిన కవర్‌లోంచి మోపు ఖరీదు కట్టి వచ్చే సంతలో ఇస్తాను, భాయినా నాతో వస్తానన్నాడు, మాట చెప్పడానికి.

అదిగో, టీ ట్రే వస్తోంది. బాబూ, ఒక్క క్షణం ఆగు. ముందు గోడ దగ్గరికి వెళ్లు. భాయినా, లేవండి, లేచి నిలబడండి, అందరూ చూడాలి.