నెయ్యి, బటర్ కొనేటప్పుడు ఏం చూడాలి? ఇంటి పరీక్షల్లో ఏది పనికొస్తుంది?

[దృశ్యం: బల్ల మీద రెండు నెయ్యి సీసాలు. ఒకటి పసుపు, ఒకటి తెలుపు.]

నమస్తే అండీ. ఈ రెండు సీసాల్లో అసలు నెయ్యి ఏదంటే చాలామంది పచ్చగా ఉన్నదాన్నే చూపిస్తారు. రంగుని బట్టి చెప్పలేం. ఆవు పాలలో బీటా కెరోటిన్ ఉంటుంది కాబట్టి ఆవు నెయ్యి పసుపుగా ఉంటుంది. గేదె ఆ కెరోటిన్‌ని తన ఒంట్లోనే విటమిన్ ఏ గా మార్చేసుకుంటుంది, అందుకే గేదె నెయ్యి తెల్లగా వస్తుంది. ఇక పూస కట్టిందా లేదా అన్నది ఎలా చల్లారిందనే దాని మీద ఆధారపడుతుంది. నెమ్మదిగా చల్లారితే పెద్ద పూస వస్తుంది. అదే నెయ్యిని కరిగించి వెంటనే ఫ్రిజ్‌లో పెడితే నున్నగా గడ్డకడుతుంది. పశువుకు పత్తి చెక్క ఎక్కువగా పెట్టినా నెయ్యి గట్టిపడుతుంది. ఇవేవీ కల్తీకి గుర్తులు కావు.

[దృశ్యం: అరచేతిలో చెంచాడు నెయ్యి కరుగుతోంది.]

వాట్సాప్‌లో బాగా తిరిగే పరీక్ష ఇది. అరచేతిలో వేసుకుంటే వెంటనే కరిగితే స్వచ్ఛమైనదట. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. కొబ్బరి నూనె 25 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పామ్ కెర్నల్ ఆయిల్ కూడా అరచేతిలో ఆగదు. కల్తీ చేసేవాళ్లు వాడే నూనెలు ఈ పరీక్ష హాయిగా పాసవుతాయి. పైగా చలికాలం పొద్దున పూట చేతులు చల్లగా ఉంటే మంచి గేదె నెయ్యి కూడా కరగడానికి టైమ్ తీసుకుంటుంది. కాబట్టి దీన్ని వదిలేయండి.

[దృశ్యం: పరీక్ష నాళిక, అడుగున ఎర్రటి పొర. స్క్రీన్‌పై: దీన్ని ఇంట్లో చేయకండి.]

రెండోది పంచదార, యాసిడ్ పరీక్ష. కరిగించిన నెయ్యిలో గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్, చిటికెడు పంచదార వేసి ఊపితే, కల్తీ ఉన్నప్పుడు అడుగున ఎర్రటి రంగు వస్తుంది. దీని వెనక నిజమైన శాస్త్రం ఉంది. ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ పనిచేయదో కూడా తెలుస్తుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మనం డాల్డా అని పిలిచే వనస్పతిని నెయ్యిలో కలిపేస్తారన్న భయం మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది. అందుకని వనస్పతి తయారు చేసేవాళ్లు దాంట్లో కొంత నువ్వుల నూనె తప్పనిసరిగా కలపాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. నువ్వుల నూనెలో ఉండే ఒక పదార్థం యాసిడ్, పంచదారతో కలిస్తే ఎర్రబడుతుంది. ల్యాబ్‌లో దీన్ని బౌడవిన్ పరీక్ష అంటారు. అంటే ఆ ఎరుపు పట్టించేది నువ్వుల నూనెని మాత్రమే. ఎవరైనా వనస్పతి జోలికి పోకుండా నేరుగా పామాయిల్ కలిపితే? నువ్వుల నూనె లేదు, కాబట్టి ఎరుపు రాదు. పరీక్ష పాస్, నెయ్యి మాత్రం కల్తీ. అందులోనూ గాఢ యాసిడ్ చేతి మీద పడితే కాలుతుంది, దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంత రిస్క్ తీసుకుని తెలుసుకునేది ఆ కాస్తే. ఇది ల్యాబ్‌కే వదిలేద్దాం.

[దృశ్యం: గాజు గిన్నెలో కరిగిన నెయ్యి, డ్రాపర్‌తో అయోడిన్ చుక్కలు.]

ఇంట్లో ధైర్యంగా చేసుకోగలిగింది అయోడిన్ పరీక్ష. అర చెంచా నెయ్యి గానీ వెన్న గానీ గాజు గిన్నెలో తీసుకుని, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ రెండు మూడు చుక్కలు వేయండి. నీలం రంగుకి తిరిగితే ఉడికించిన బంగాళదుంపో, చిలగడదుంపో, ఏదో ఒక పిండి పదార్థం కలిపారని అర్థం. సంతలో, బండి మీద కొనే విడి వెన్నకు ఇది బాగా పనికొస్తుంది. నీలం రాకపోతే పిండి లేదని మాత్రమే అర్థం చేసుకోండి. నూనె సంగతి అయోడిన్ చెప్పదు.

నూనె కలిపారా లేదా అన్నది వంటింట్లో తేలదు. ఎందుకు తేలదో చూడాలంటే మన తిరుమల వ్యవహారాన్నే తీసుకుందాం.

[దృశ్యం: గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం, గ్రాఫ్.]

2024 జులైలో తిరుమల లడ్డూ కోసం వచ్చిన నెయ్యి నమూనాలను గుజరాత్‌లోని ఆనంద్‌లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు నడిపే కాఫ్ ల్యాబ్‌కి పంపారు. అక్కడ నెయ్యిలోని కొవ్వు అణువులను విడదీసి, ఏ రకం ఎంత పాళ్లలో ఉందో కొలిచి, ఆ లెక్కల నుంచి ఎస్ వాల్యూ అనే సంఖ్యలు తీస్తారు. స్వచ్ఛమైన పాల కొవ్వుకి ఆ సంఖ్యలు ఒక పరిధిలో ఉండాలి. ఆ నమూనాల్లో పరిధి దాటాయి. అయితే అదే రిపోర్టులో ఇంకో మాట కూడా ఉంది. పశువుకు నూనె ఎక్కువగా ఉన్న మేత పెట్టినా, తిండి చాలక చిక్కిపోయినా కల్తీ లేకుండానే ఆ సంఖ్యలు తప్పొచ్చని. అంత పెద్ద యంత్రమే ఇన్ని జాగ్రత్తలు చెబుతుంటే, అరచేయి ఏం చెబుతుంది చెప్పండి.

ఆ వ్యవహారంలో ఒక అంకె మాత్రం యంత్రం లేకుండానే అందరికీ కనిపించింది. తిరుమలకు సరఫరా చేసిన కిలో నెయ్యి ధర 320 రూపాయలు. నందిని నెయ్యి తయారు చేసే కర్ణాటక మిల్క్ ఫెడరేషన్, అంత తక్కువ ధరకు తాము ఇవ్వలేమని 2023లోనే పక్కకు తప్పుకుంది. ఎందుకు ఇవ్వలేరో మనమే లెక్క వేద్దాం.

[స్క్రీన్‌పై: లెక్క ఒక్కో లైన్‌గా వస్తుంది.]

పాలకేంద్రంలో గేదె పాలకు డబ్బు ఫ్యాట్‌ని బట్టి ఇస్తారని పాడి ఉన్న ఇళ్లవాళ్లకు తెలుసు. కిలో ఫ్యాట్‌కి 750 రూపాయలు ఇస్తున్నారనుకోండి. 6 శాతం ఫ్యాట్ ఉన్న లీటరు పాలకు దాదాపు 45 రూపాయలు వస్తుంది. నెయ్యి అంటే 99.5 శాతం కొవ్వు, అంటే కిలో నెయ్యికి దాదాపు కిలో ఫ్యాట్ కావాలి. అలాంటి పాలు 16, 17 లీటర్లు. డెయిరీ వెన్న తీసిన పాలతో పొడి చేసి కొంత డబ్బు వెనక్కి రాబట్టుకుంటుంది కాబట్టి కిలో నెయ్యి 750కి కాస్త తక్కువ పడినా ఆశ్చర్యం లేదు. కానీ కాచడం, డబ్బా, రవాణా, షాపువాడి కమీషన్ అన్నీ కలుపుకుని కూడా 350కో 400కో అమ్ముతున్నారంటే అందులో ఉన్నది మొత్తం పాల కొవ్వు అయ్యే వీలు లేదు. మీ దగ్గర ఫ్యాట్ రేటు ఎంతో తెలిసిన పాడి రైతుని ఎవరినైనా అడగండి, ఈ లెక్క మీరే వేసుకోవచ్చు.

ధర పోల్చేటప్పుడు ఒక చిన్న విషయం. లీటరు నెయ్యి కిలో తూగదు, దాదాపు 905 నుంచి 910 గ్రాములే ఉంటుంది. ఒక ప్యాకెట్ మీద లీటరు, ఇంకోదాని మీద కిలో రాసి ఉంటే గ్రాములకు మార్చి చూసుకోండి.

[దృశ్యం: ప్యాకెట్ వెనక వైపు దగ్గరగా.]

ఇప్పుడు లేబుల్. ముందు వైపు ఆవు బొమ్మ, ఇత్తడి గిన్నె, పల్లెటూరి పేరు ఉంటాయి, వాటిని పక్కన పెట్టి వెనక్కి తిప్పండి. పదార్థాల దగ్గర మిల్క్ ఫ్యాట్ ఒక్కటే ఉండాలి. నెయ్యిలో రంగు గానీ ఫ్లేవర్ గానీ కలపడానికి చట్టం ఒప్పుకోదు. వెజిటబుల్ ఫ్యాట్, ఎడిబుల్ ఆయిల్, ఫ్లేవర్, కుకింగ్ మీడియం లాంటి మాట ఏది కనిపించినా అది నెయ్యి కాదు. తర్వాత పోషకాల పట్టిక. కొలెస్టరాల్ సున్నా అని గొప్పగా రాశారంటే అది నెయ్యి కాదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పాల కొవ్వులో కొలెస్టరాల్ ఉండి తీరుతుంది, నూనెల్లోనే దాదాపు ఉండదు.

దీపారాధన నెయ్యి విషయంలో మరీ జాగ్రత్త. కిరాణా షాపుల్లో తినే నెయ్యి పక్కనే పెడతారు. పూజకు మాత్రమే, తినడానికి కాదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. దీపంలో పోయగా మిగిలింది పొంగలిలో వేసే ఇళ్లు ఉన్నాయి. దయచేసి ఆ సీసా వంటింట్లోకి రానివ్వకండి.

ఎ2 నెయ్యి అని రెట్టింపు ధర పెట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఎ1, ఎ2 అనేవి పాలలోని ప్రోటీన్ రకాలు. నెయ్యిలో ప్రోటీన్ దాదాపు ఉండదు.

ప్యాకెట్ మీద ఉండే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు 14 అంకెలు ఉంటుంది. ఫోన్‌లో foscos.fssai.gov.in తెరిచి ఆ నంబరు కొట్టండి. వచ్చిన కంపెనీ పేరు, ప్యాకెట్ మీద తయారీదారు పేరు ఒకటేనా, లైసెన్సు ఇంకా అమల్లో ఉందా చూడండి. ఆన్‌లైన్ ప్రకటనల్లో కనిపించే కొత్త పేర్లకు ఇది తప్పక చేయాలి. అగ్‌మార్క్ ఉంటే ఇంకా మంచిది. అది నెయ్యికి స్వచ్ఛందంగా తీసుకునే గ్రేడింగ్, అది లేనంత మాత్రాన కల్తీ అనుకోనక్కర్లేదు.

బ్రాండ్ పేరుకి నా దృష్టిలో విలువ ఉంది. ఊరూరా సొంతంగా పాలు సేకరించే డెయిరీకి పాల కొవ్వు చేతిలోనే ఉంటుంది. బయట నెయ్యి కొని డబ్బాలో నింపి తన పేరు అంటించే కంపెనీ ఆ నెయ్యి ఎక్కడిదో తానే వేరేవాళ్ల మాట మీద నమ్మాలి. లేబుల్ మీద తయారీదారు ఒకరు, మార్కెటింగ్ ఇంకొకరు అని ఉంటే అది గమనించండి. పెద్ద పేర్లకు ఉండే సమస్య డూప్లికేట్ ప్యాకెట్లు. అదే బ్రాండు బయటికంటే బాగా తక్కువకి వస్తోందంటే బ్యాచ్ నంబరు, తేదీ చెరిగిపోతున్నాయా, సీల్ సరిగా ఉందా చూడండి.

[దృశ్యం: 100 గ్రాముల బటర్ ప్యాకెట్, వంటింటి తూకం, మందపాటి గిన్నె.]

బటర్‌కి మాత్రం వంటింట్లోనే ఒక మంచి పరీక్ష ఉంది. బ్రెడ్‌కి రాసుకునే టేబుల్ బటర్ అని రాయాలంటే కనీసం 80 శాతం పాల కొవ్వు ఉండాలి, నీరు 16 శాతం దాటకూడదు. పక్కనే అదే రంగు డబ్బాలో ఫ్యాట్ స్ప్రెడ్‌లు ఉంటాయి, వాటిలో కొవ్వు 40 శాతమే ఉండొచ్చు, అదీ నూనె కొవ్వు కావచ్చు. 100 గ్రాముల ప్యాకెట్ మొత్తం మందపాటి గిన్నెలో వేసి సన్నని సెగ మీద కాచండి. ముందు చిటపటలాడుతూ తెల్లటి నురగ వస్తుంది, అది నీరు పోతున్న చప్పుడు. చప్పుడు ఆగి, అడుగున గసి గోధుమ రంగుకి తిరిగాక దించి వడకట్టి తూచండి. 80 గ్రాములకు అటూ ఇటూగా రావాలి. గిన్నెకి అంటుకున్నది పోయి 76, 77 వచ్చినా ఫర్వాలేదు. 50, 60 గ్రాములే వచ్చిందంటే మీరు కొన్నది బటర్ కాదు. గసి వాసన కూడా చూడండి. నెయ్యి కాచిన ఇంటి వాసన రాకుండా నూనె మరిగిన వాసన వస్తే అనుమానించాలి. ఉప్పు వేసిన బటరైతే గసి ఉప్పగా ఉంటుంది, అది మామూలే. బటర్ పసుపు రంగులో ఉండి లేబుల్ మీద అన్నాటో అని కనిపిస్తే కంగారు పడకండి. బటర్‌కి ఆ గింజల రంగు వాడటానికి అనుమతి ఉంది.

[దృశ్యం: సీల్ తీయని ప్యాకెట్, బిల్లు.]

ఇన్ని చూశాక కూడా అనుమానం తీరకపోతే ల్యాబ్‌కి వెళ్లడమే. ఆహార భద్రత చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం, కొన్న మనిషి కూడా ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. సీల్ తీయని ప్యాకెట్, బిల్లు తీసుకెళ్లండి. బీటా సిటోస్టెరాల్, ఫ్యాటీ యాసిడ్ పరీక్షలు కావాలని పేరు పెట్టి అడగండి. బీటా సిటోస్టెరాల్ మొక్కల నూనెల్లో ఉండేది, పాల కొవ్వులో ఉండదు, కాబట్టి పామాయిల్ కలిస్తే అక్కడ దొరుకుతుంది. జంతువుల కొవ్వుని మాత్రం అది పట్టించదు. దానికి తిరుమల నమూనాలకు చేసిన ట్రైగ్లిజరైడ్ పరీక్ష కావాలి, అది చేసే ల్యాబ్ అవునో కాదో ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.