కిస్తీలు అయిపోయాయి, ఆర్సీలో పేరు మిగిలింది

శ్రోతలకు నమస్కారం. ఐదేళ్లపాటు కిస్తీలు కట్టారు. 60వ వాయిదా కూడా ఖాతాలోంచి పోయింది. ఇక బండి పూర్తిగా నాదే అనుకుంటారు. ఆ సాయంత్రం ఒక్కసారి ఆర్సీ తీసి చూడండి. అప్పిచ్చినవాళ్ల పేరు అక్కడే ఉంటుంది.

దాన్ని హైపోథికేషన్ అంటారు, వాడుకలో హెచ్‌పీ. బంగారం తాకట్టు పెడితే నగ వాళ్ల బీరువాలోకి పోతుంది. బండి అలా కాదు, మీ దగ్గరే తిరుగుతుంది. దాని మీద తమ హక్కును రిజిస్ట్రేషన్ రికార్డులో రాయించుకుంటారు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 51వ సెక్షన్ దీని గురించే. ఆ పేరు ఉన్నన్నాళ్లూ, వాళ్ల అనుమతి లేకుండా బండి ఇంకొకరి పేరుకు మారదు. అప్పు లెక్క బ్యాంకు దగ్గర, ఈ పేరు రవాణా శాఖ దగ్గర. అక్కడ లెక్క తేలినంత మాత్రాన ఇక్కడ పేరు చెరిగిపోదు.

నాకు తెలిసిన ఒకాయన సంగతి చెబుతాను. అన్ని వాయిదాలూ కట్టాడు. కానీ మధ్యలో ఒక నెల ఖాతాలో డబ్బు చాలక వాయిదా తిరిగిపోయింది. వారం తర్వాత ఆ వాయిదా కట్టేశాడు గానీ దాని మీద పడిన జరిమానా అలాగే ఉండిపోయింది. చిన్న మొత్తమే, అయినా లోన్ ఖాతా మూతపడలేదు. బండి అమ్మబోయినప్పుడు గానీ ఆయనకు తెలియలేదు. అందుకే చివరి కిస్తీ కట్టగానే పూర్తి స్టేట్‌మెంట్ తీసుకుని, బాకీ సున్నా అని చూసుకోవాలి.

తర్వాత బ్యాంకు రెండు కాగితాలు ఇస్తుంది. ఒకటి బాకీ లేదనే ఎన్ఓసీ. రెండోది ఫారం 35. ఒప్పందం ముగిసిందని దాని మీద మీరూ, అప్పిచ్చినవాళ్లూ సంతకం చేయాలి. కౌంటర్ దగ్గరే నిలబడి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చుకోండి. ఒక్క అంకె తేడా వచ్చినా దరఖాస్తు వెనక్కి వస్తుంది.

మా వాడు జరిమానా కట్టి ఈ కాగితాలు తెచ్చుకున్నాడు, తెచ్చి సొరుగులో పెట్టాడు. చాలా సంస్థలు ఎన్ఓసీకి గడువు పెడతాయి, తరచుగా 90 రోజులు. నాలుగు నెలల తర్వాత తీస్తే అది చెల్లలేదు, మళ్లీ బ్యాంకు చుట్టూ తిరిగాడు.

ఆ రెండింటితో పాటు ఆర్సీ, ఇన్సూరెన్స్ వంటివి జతచేసి రవాణా శాఖకు రుసుముతో దరఖాస్తు చేస్తే, హెచ్‌పీ తీసేసి కొత్త ఆర్సీ ఇస్తారు.

ఇన్సూరెన్స్ పాలసీలో కూడా ఆ బ్యాంకు పేరు రాసి ఉంటుంది. బండి పూర్తిగా పాడైనా, దొంగలెత్తుకుపోయినా క్లెయిమ్ డబ్బు విషయంలో ఆ పేరు అడ్డొస్తుంది. కొత్త ఆర్సీ నకలు పంపి, పాలసీలోంచి కూడా ఆ పేరు తీయించుకోండి.