ఆదివారం పది దాకా ఆగండి అత్తయ్యా

శ్రోతలందరికీ నమస్కారం.

పోయిన ఏడాది మా అక్క కూతురి పెళ్ళి అన్నవరం కొండ మీద చేశాం. గురువారం రాత్రి 11:40కి ముహూర్తం. రెండు వైపులా కలిపి 45 మందిమి. మామూలుగా అయితే నాలుగైదు వందల మందిని పిలవాల్సిన పెళ్ళి అది. కానీ అబ్బాయి పెదనాన్నగారికి హఠాత్తుగా గుండె ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. పోనీ వాయిదా వేద్దామా అంటే వెనకాలే మూఢం. పంతులుగారు ఇప్పుడు వదిలితే చాలాకాలం ఆగాలన్నారు. అందుకని స్వామి సన్నిధిలో మూడు ముళ్ళూ వేయించేసి, రిసెప్షన్ తర్వాత చూసుకుందామని పెద్దవాళ్ళు అనుకున్నారు.

పిలవని వాళ్ళకి కబురు ఎలా చెప్పాలన్నది కూడా ముందే అనుకున్నారు. అబ్బాయి పెదనాన్నగారిని శనివారం ఐసీయూ నుంచి గదిలోకి మారుస్తారు. అప్పుడు అబ్బాయి నాన్నగారే వెళ్ళి పక్కన కూర్చుని చెప్పాలి. అదే రోజు ముఖ్యమైన పెద్దలందరికీ ఫోన్లు చేయాలి. ఆదివారం ఉదయం 10 గంటలకు పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఒక్క ఫొటో పెట్టి ఊరందరికీ చెప్పాలి.

ఇదంతా పెళ్ళికి వచ్చినవాళ్ళకి చెప్పారా అంటే, చెప్పలేదు. అసలు పొరపాటు అక్కడే జరిగింది. ఇంట్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నది మిగతా నలభై మందికీ దానంతట అదే తెలిసిపోతుందనుకున్నాం.

తెర తీశారు, జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. పెళ్ళికూతురు తల వంచుకుని ఉంది, ఆకుపచ్చ అంచు పసుపు చీర, బాసికం కొంచెం పక్కకి ఒరిగింది. ఎదురుగా కూర్చున్న వేలువిడిచిన మేనత్త చక్కగా ఒక ఫొటో తీసింది. నిజం చెప్పాలంటే, డబ్బులిచ్చి పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ తీసినవాటికన్నా అదే బాగుంది. తీసి, వెంటనే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. ఆవిడ తప్పేముంది? మేనకోడలి పెళ్ళి, సంతోషం పట్టలేక పెట్టింది.

తెల్లవారి ఐదున్నరకి హైదరాబాద్ నుంచి ఫోన్. "మీ అమ్మాయి పెళ్ళయిందటగా, స్టేటస్‌లో చూశాం. సరేలే, మేం ఎవరం మీకు!" మా అక్క చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

మన ఇళ్ళల్లో కబురు చెప్పడానికి ఒక వరుస ఉంది. శుభలేఖ అచ్చయి రాగానే నాలుగు మూలలా పసుపు రాసి, మొదటిది దేవుడి దగ్గర పెడతాం. ఆ తర్వాత పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తాం. కార్డు పోస్టులో వస్తేనే "ఇంటికొచ్చి పిలవలేదు" అని పెళ్ళికి రాని బంధువులు నాకు తెలుసు. అలాంటివాళ్ళు పెళ్ళి సంగతి వేరేవాళ్ళ స్టేటస్‌లో చూస్తే ఇంకేమైనా ఉందా? పెళ్ళికి పిలవలేదన్నదాన్ని వాళ్ళు అర్థం చేసుకుంటారు, ఆస్పత్రి సంగతి చెబితే సర్దుకుంటారు. ఊళ్ళో అందరికీ తెలిశాక తమకి తెలిసిందన్నది మాత్రం మర్చిపోరు.

అమ్మాయి కళ్ళెర్రగా చేసుకుని ఫోన్ తీసింది. బంధువుల గ్రూపులో పెట్టడానికి ఒక మెసేజ్ రాసి, "పిన్నీ, చూడు" అని నాకిచ్చింది. అందులో ఇలా ఉంది: "కొంతమంది మా అనుమతి లేకుండా పెళ్ళి ఫొటోలు పెడుతున్నారు. దయచేసి మా ప్రైవసీని గౌరవించండి. వెంటనే డిలీట్ చేయండి."

పంపొద్దన్నాను. "కొంతమంది" అంటే ఎవరో ఆ గ్రూపులో అందరికీ తెలుసు. రాత్రి రెండింటి దాకా మేలుకుని అక్షింతలు వేసిన మనిషిని పొద్దున్నే నలుగురిలో నిలబెట్టినట్టవుతుంది. పైగా "అనుమతి" అన్న మాట అక్కడ నిలవదు. మన కాపీరైట్ చట్టం, 1957 నాటిది, దాని ప్రకారం ఫొటో మామూలుగా తీసినవాళ్ళదే. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకైతే, వేరే ఒప్పందమేదీ లేకపోతే, తీయించుకున్నవాళ్ళు హక్కుదారులు. అంటే ఫొటోగ్రాఫర్ ఆల్బమ్ మీద మాట పెళ్ళివారిది. అత్త తన ఫోన్లో తీసిన ఫొటో అత్తది. ఆమె తీసేస్తే మనమీద ప్రేమతో తీసేస్తుంది, అందుకని అడగాల్సిందే గానీ ఆజ్ఞాపించకూడదు.

రెండోసారి రాసినదాంట్లో మరీ మెత్తబడిపోయింది. "మీకు ఇబ్బంది లేకపోతే, వీలైతే, ఫొటోలు కొద్దిరోజులు ఆపితే బాగుంటుందేమో" అని. అది చదివినవాళ్ళు అబ్బాయి బొమ్మ ఎవరో బాగోలేదన్నారేమో అనుకుంటారు. ఏం చేయాలో, ఎప్పటిదాకా ఆగాలో అందులో లేదు.

చివరికి పంపింది ఇది. నా ఫోన్లో ఇంకా ఉంది, చదువుతాను.

"అత్తయ్యలకు, బాబాయిలకు, అక్కలకు, అన్నయ్యలకు నమస్కారం. రాత్రి మీరంతా అంత దూరం వచ్చి మమ్మల్ని దీవించారు, చాలా సంతోషం. నాకొక సాయం చేయాలి. ఆస్పత్రిలో ఉన్న పెదమామయ్యగారికి, ఇంకా కొందరు పెద్దలకి పెళ్ళి కబురు మేమింకా చెప్పలేదు. మా నోటితోనే చెప్పాలని ఉంది. ఈ మాట మీకు రాత్రే చెప్పాల్సింది, హడావిడిలో మర్చిపోయాను. మన ఎవరి ఫోన్లోనైనా స్టేటస్‌లో గానీ ఇన్‌స్టాలో గానీ ఫేస్‌బుక్‌లో గానీ ఫొటో ఉంటే ఈ రోజు మధ్యాహ్నం లోపు తీసేయండి. ఆదివారం ఉదయం 10కి మేం ఒక ఫొటో పెడతాం. ఆ తర్వాత మీ దగ్గరున్నవన్నీ పెట్టుకోండి, నాకూ పంపండి. తీయడం తెలియకపోతే తమ్ముడికి ఫోన్ చేయండి."

ఇందులో నాకు బాగా నచ్చింది "రాత్రే చెప్పాల్సింది, మర్చిపోయాను" అన్న మాట. తప్పు ఆ పిల్ల తన మీద వేసుకుంది. ఇక ఎవరూ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఆదివారం పది అన్న గడువు ఇంకా ముఖ్యం. పెట్టొద్దు అంటే మనసు చివుక్కుమంటుంది. ఫలానా టైము దాకా ఆగమంటే ఎవరైనా ఆగుతారు.

అయితే ఈ మెసేజ్ గ్రూపులో పడకముందే అమ్మాయి అత్తకి విడిగా ఫోన్ చేసింది. "అత్తయ్యా, ఫొటో ఎంత బాగా తీశావో! ఆదివారం పది దాకా ఆగవా?" అని అడిగింది. అత్త అయ్యో అయ్యో అంటూ అప్పుడే తీసేయబోయింది. తమ్ముడు అడ్డుపడ్డాడు, "ఆగత్తా, ముందు కింద కన్ను గుర్తు నొక్కి ఎవరెవరు చూశారో చెప్పు" అన్నాడు. ఈ ఉపాయం నాకు తట్టేది కాదు. స్టేటస్ తీసేస్తే ఆ పేర్ల జాబితా కూడా దాంతోపాటే పోతుంది. 38 మంది చూశారు. అత్త ఒక్కొక్క పేరూ చదువుతుంటే మా అక్క వంటల లెక్క వెనకవైపు రాసుకుంది. అందులో ఆరుగురు మేం శనివారం ఫోన్ చేయాలనుకున్న పెద్దలు. వాళ్ళకి శుక్రవారం పొద్దున్నే ఫోన్లు వెళ్ళాయి. ఆ జాబితాలో ఒక లోపముంది. చదివినట్టు తెలిపే టిక్కులు ఆపేసుకున్నవాళ్ళ పేర్లు అందులో కనపడవు. ఆ సంగతి తర్వాత మళ్ళీ చెబుతాను.

అబ్బాయి వైపువాళ్ళకి అమ్మాయి మెసేజ్ పంపలేదు. అదే సంగతి అబ్బాయి తన మాటల్లో వాళ్ళ గ్రూపులో పెట్టాడు. కొత్త కోడలు వచ్చీరాగానే అత్తింటివారికి ఇది పెట్టకండి, అది తీయండి అని చెబితే, ఆ మాట పదేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు.

మెసేజ్ వెళ్ళాక పని సులువైందనుకోకండి. మా బాబాయిగారు ఒకాయన తలంబ్రాల ఫొటోలు నాలుగు ఊరివాళ్ళ గ్రూపులో పెట్టారు, మూడొందల మందికి పైగా ఉన్న గ్రూపు. మెసేజ్ చూసి వెంటనే "తీసేశానమ్మా" అన్నారు. గంట తర్వాత చూస్తే ఫొటోలు అక్కడే ఉన్నాయి. ఆయన నొక్కింది "డిలీట్ ఫర్ మి". ఆయన ఫోన్లోనే పోయాయి, మిగతా మూడొందల ఫోన్లలో నిక్షేపంగా ఉన్నాయి. అందరికీ పోవాలంటే "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కాలి, అదీ పెట్టిన రెండు రోజులకు కాస్త పైచిలుకు లోపే కుదురుతుంది. ఒకసారి తన దగ్గర పోయాక ఆ మెసేజ్ ఆయనకే కనపడదు, ఇక నొక్కడానికి ఏముంది? చివరికి ఆ గ్రూపు అడ్మిన్‌ని పట్టుకున్నాం. అడ్మిన్‌లు ఎవరు పెట్టినదైనా అందరికీ పోయేలా తీసేయగలరు. ఆయన పొలంలో ఉండి మధ్యాహ్నం మూడుకి తీశాడు.

ఇన్‌స్టాలో పెట్టిన చిన్నపిల్లలది ఇంకో బాధ. అబ్బాయి చెల్లెలి పోస్టుకి అప్పటికే రెండొందల లైకులు. తీసేస్తే అవన్నీ పోతాయని ముఖం ముడుచుకుంది. "డిలీట్ వద్దు, ఆర్కైవ్‌లో పెట్టు" అన్నాడు వాళ్ళన్న. ఆర్కైవ్‌లో పెడితే పోస్టు ఎవరికీ కనపడదు, లైకులూ కామెంట్లూ ఎక్కడివక్కడే ఉంటాయి, కావాలనుకున్నప్పుడు బయటికి తీసుకోవచ్చు. ఫేస్‌బుక్‌లో పెళ్ళికూతురిని ట్యాగ్ చేసిన ఫొటోకి ఆమె తన ట్యాగ్ తనే తీసేసుకుంది. దాంతో అది ఆమె పేజీ నుంచి పోతుందే గానీ పెట్టినవాళ్ళ దగ్గర అలాగే ఉంటుంది. దానికి మళ్ళీ పెట్టినవాళ్ళనే అడగాలి.

ఇంత చేసినా, ఎవరి ఫోన్ గ్యాలరీలోకో దిగిపోయిన కాపీని, స్క్రీన్‌షాట్‌ని, ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ అయినదాన్ని వెనక్కి తెచ్చుకోలేం. అబ్బాయి నాన్నగారు అది గ్రహించి శనివారం దాకా ఆగలేదు. శుక్రవారం సాయంత్రమే విశాఖపట్నం వెళ్ళి డాక్టర్‌ని అడిగి, ఐదు నిమిషాలు లోపలికి వెళ్ళి అన్నగారి చెవిలో చెప్పి వచ్చారు. ఆయన కళ్ళు తెరిచి "తలంబ్రాల్లో ఎవరు గెలిచారు?" అన్నారట.

శనివారం నేను చేయాల్సిన ఫోన్లలో మా పిన్నమ్మ ఒకావిడ ఉంది, రాజమండ్రిలో. ఎనభై దాటింది. మనవడు కొనిచ్చిన ఫోన్లో రోజంతా స్టేటస్‌లు చూస్తుంటుంది. 38 మందిలో ఆవిడ పేరు లేదు. హమ్మయ్య, చూడలేదనుకుని మెల్లగా సంగతంతా చెప్పాను.

"ఔనా! ఎంత చల్లటి మాట చెప్పావే. నాకెవ్వరూ చెప్పలేదు సుమా, నువ్వే మొదట చెప్పడం" అంది. అబ్బాయి ఏం చేస్తాడు, అత్తగారు మంచావిడేనా, అన్నీ అడిగింది. ఆశీస్సులన్నీ చెప్పింది. ఫోన్ పెట్టేయబోతూ ఆగి, అంది కదా:

"అన్నట్టు, ఆ పసుపు చీరకి ఆకుపచ్చ అంచు భలే కుదిరిందే. బాసికమే కాస్త సరిగ్గా కట్టాల్సింది."