ఉలి దెబ్బలు తిన్న దేవుడు: అఖెనాటెన్, ఆమున్ పూజారులు

అందరికీ నమస్కారం.

ఈజిప్టులోని కార్నాక్ ఆలయంలో హత్‌షెప్సుత్ రాణి నిలబెట్టించిన ఒబెలిస్క్ ఒకటి ఇప్పటికీ ఉంది. దాదాపు 30 మీటర్ల ఎత్తున్న ఏకశిల అది. దాని పైభాగంలో ఆమున్ దేవుడి బొమ్మ, పేరు ఉన్నచోట రాయి చుట్టుపక్కల కన్నా కాస్త లోపలికి దిగి ఉంటుంది. అంటే ఎవరో అంత ఎత్తుకెక్కి ఆ పేరును ఉలితో చెక్కేశారు. తర్వాత ఇంకెవరో ఆ చోటు నునుపు చేసి మళ్లీ చెక్కించారు. చెరిపించినవాడు అఖెనాటెన్. తిరిగి రాయించినవాడు తర్వాతి రాజుల్లో ఒకడైన ఒకటో సేతి. ఇద్దరికీ మధ్య దాదాపు అర్ధ శతాబ్దం గడిచింది.

అఖెనాటెన్ క్రీ.పూ. 1353 ప్రాంతంలో గద్దెనెక్కి 17 ఏళ్లు పాలించాడు. అప్పుడతని పేరు నాలుగో అమెన్‌హోటెప్. అందులోనే ఆమున్ ఉన్నాడు. పాలన ఐదో ఏట అఖెనాటెన్ అని పేరు మార్చుకుని, సూర్యబింబమైన ఆటెన్ ఒక్కడే దేవుడన్నాడు. రాజధాని థీబ్స్‌ను వదిలి, ఎవరూ ఉండని ఎడారి అంచున అఖెటాటెన్ అనే కొత్త నగరం కట్టించాడు. ఈనాడు ఆ చోటును అమర్నా అంటున్నారు.

పూజారులు బలిసిపోయారు, రాజు వాళ్లను దెబ్బకొట్టాడు అని ఈ కథను చాలామంది క్లుప్తంగా చెప్పేస్తారు. నాకది సరిపోదనిపిస్తుంది. ఆమున్ ప్రధాన పూజారిని నియమించేది రాజే. అఖెనాటెన్ తండ్రి కాలంలో ప్టామోస్ అనే ఆయన ప్రధాన పూజారిగానూ, రాజ్యానికి మంత్రిగానూ పనిచేశాడు. కొడుకు పాలన నాలుగో ఏట కూడా ఆమున్ ప్రధాన పూజారి మే, రాజు విగ్రహానికి రాయి తేవడానికి ఎడారి గనులకు వెళ్లినట్టు శాసనం ఉంది. రాజు చెప్పిన పనికి వెళ్లిన ఉద్యోగి అతను. పోటీ సింహాసనం మీద కూర్చున్నవాడు కాదు.

మరి వాళ్ల బలం ఎక్కడుంది? ధాన్యంలో ఉంది. ఆలయానికి పొలాలు, పశువులు, పడవలు, పనివాళ్లు ఉండేవారు. రోజూ దేవుడి ముందు రొట్టెలు, మాంసం, బీరు పెట్టేవారు. నైవేద్యం అయ్యాక అది వృథా పోదు. చిన్న గుళ్లకూ, తర్వాత పూజారులకూ, సిబ్బందికీ జీతంగా పంచేవారు. పూజారుల్లో చాలామంది వంతులవారీగా కొన్నాళ్లు గుడిలో సేవ చేసి, మిగతా రోజులు సొంత పని చూసుకునేవాళ్లు. అందుకే ఒక గుడి మూతపడితే పోయేది ఒక దేవుడి పూజ మాత్రమే కాదు, ఊళ్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించే రొట్టె కూడా.

పండగలూ పోయాయి. ఓపెట్ పండగకు ఆమున్ విగ్రహం పడవలో లక్సర్ గుడికి ఊరేగి వెళ్లేది. గర్భగుడి లోపలికి పోలేని జనానికి దేవుడు దగ్గరయ్యేది అప్పుడే. ఆటెన్‌కు విగ్రహం లేదు, చీకటి గర్భగుడి లేదు. పైకప్పు లేని విశాలమైన ఆవరణలు, వందల కొద్దీ నైవేద్యపు అరుగులు, నెత్తిన ఎండ. బొమ్మల్లో ఆటెన్ కిరణాల చివర చిన్న చేతులుంటాయి. ఆ చేతులు ప్రాణాన్ని అందించేది రాజుకూ, నెఫెర్తితి రాణికీ మాత్రమే. మామూలు మనిషి రాజకుటుంబాన్ని మొక్కాలి, వాళ్లు ఆటెన్‌ను మొక్కుతారు. పూజారి నుంచి దేవుణ్ని విడిపించానన్న రాజు తానే ఏకైక పూజారి అయ్యాడు. ఈ విప్లవంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయం ఇదే.

జనం దీన్ని మనసులోకి తీసుకోలేదనడానికి సాక్ష్యం అమర్నాలోనే దొరికింది. రాజు సమాధి తవ్విన పనివాళ్ల ఊరి ఇళ్లలో బెస్, తవెరెట్ బొమ్మలు బయటపడ్డాయి. కాన్పు వేళ తల్లినీ బిడ్డనూ కాచే దేవతలు వాళ్లు. ప్రసవం భయంతో ఉన్న ఆడమనిషికి ఆకాశంలోని బింబం ఏం చేస్తుంది?

అందుకే రాజు చనిపోగానే ఆ కొత్త మతాన్ని కాపాడటానికి ఎవరూ నిలబడలేదు. కొద్ది ఏళ్లకే గద్దెనెక్కిన బాలరాజు టుటాంఖాటెన్ తన పేరును టుటాంఖామున్‌గా మార్చుకున్నాడు. దేశమంతా గుళ్లు పాడుబడి పిచ్చి మొక్కలు మొలిచాయనీ, మొక్కినా దేవుళ్లు పలకలేదనీ అతని శాసనం చెబుతుంది. గెలిచిన పక్షం మాట కాబట్టి కొంత తగ్గించే చదవాలి. కానీ అదే శాసనంలో మరో వివరం ఉంది. పేరున్న ఊరి పెద్దల కొడుకులను కొత్త పూజారులుగా పెట్టారట. ఆ బలం తిరిగి మొలకెత్తింది అక్కడే. సుమారు 250 ఏళ్ల తర్వాత హెరిహోర్ అనే ఆమున్ ప్రధాన పూజారి తన పేరును రాజుల్లాగే కార్టూష్ అనే అండాకారపు గీత లోపల రాయించుకున్నాడు. అఖెనాటెన్ కాలంలో లేని పోటీ సింహాసనం అప్పటికి నిజంగానే వచ్చింది.

అఖెనాటెన్ పేరును మాత్రం రాజుల పట్టికల నుంచి తీసేశారు. తర్వాతి కాలపు ఒక కోర్టు పత్రంలో అతను 'అఖెటాటెన్ శత్రువు' మాత్రమే. కార్నాక్‌లో అతను కట్టించిన ఆటెన్ గుళ్లను తర్వాత రాజైన హోరెంహెబ్ కూల్చేయించాడు. మూరెడు పొడవు, అర మూర వెడల్పున్న ఆ గుళ్ల రాళ్లను తలాతాత్ అంటారు. ఒక్క మనిషి మోయగల సైజు కాబట్టి కట్టడం ఎంత త్వరగా అయిందో, కూల్చడమూ అంతే త్వరగా అయింది. వాటిని ఆమున్ గుడి గోపుర ద్వారాల లోపల పూడికగా వేశారు. ఎండ, గాలి తగలక అవి అక్కడే భద్రంగా ఉండిపోయాయి. మన కాలంలో వేల కొద్దీ బయటికి తీసి, ఫొటోలను కంప్యూటర్ సాయంతో జతపరిచారు. కొన్నింటి మీద రంగు ఇంకా ఉంది. నెఫెర్తితి ఒంటరిగా ఆటెన్‌కు నైవేద్యం పెడుతున్న దృశ్యాలు ఆ రాళ్ల మీదే మళ్లీ కనిపించాయి.