జపాన్ క్లయింట్ 'పరిశీలిస్తాం' అంటే డీల్ అయినట్టేనా?

మీటింగ్ అయిందో లేదో "సార్, వాళ్లు పరిశీలిస్తామన్నారు, దాదాపు ఓకే" అని మెయిల్ కొట్టేస్తారు. అది చదివితే నాకు ఒళ్లు మండుతుంది. జపనీస్‌లో ఆ మాట 'కెంతో షిమాస్'. నిజంగానే పరిశీలించవచ్చు, మర్యాదగా వద్దని చెప్పడమూ కావచ్చు. మాటను పట్టుకుని తేల్చలేం.

[స్క్రీన్ మీద: నెమవాషి]

పెద్ద చెట్టును వేరేచోట నాటాలంటే తోటమాలి ముందే దాని చుట్టూ తవ్వి, వేర్లు కత్తిరించి, కొత్త పిల్లవేర్లు వచ్చేదాకా ఆగుతాడు. ఆ పని పేరే నెమవాషి. ఆఫీసుల్లో దీనర్థం, మీటింగ్‌కి ముందే సంబంధించిన వాళ్లందరినీ విడివిడిగా కలిసి ఒప్పించడం.

ఇప్పుడు మన టీమ్‌ను చూడండి. 3 ఏళ్ల సపోర్ట్ కాంట్రాక్ట్, 10 శాతం డిస్కౌంట్, జవాబు మాత్రం శుక్రవారంలోగా కావాలన్నారు. వేర్లు తెగకముందే చెట్టును పీకడమంటే ఇదే!

పైగా మాట్లాడినంతసేపూ ఎదురుగా మౌనంగా కూర్చున్న పెద్దాయననే చూశారు. మూలన నోట్స్ రాసుకుంటున్న కుర్రాణ్ని పట్టించుకోలేదు. చాలా పెద్ద కంపెనీల్లో ప్రతిపాదన కాగితం రాసేది అలాంటి వాళ్లే. దాన్ని రింగిషో అంటారు. అది ఒక్కో విభాగం తిరుగుతూ ముద్రలు వేయించుకుని పైకి వెళ్తుంది. కొన్నిచోట్ల ఇప్పుడు ఇదంతా కంప్యూటర్‌లోనే. పెద్దాయన వంతు చివర్లో వస్తుంది. అందుకే డిస్కౌంట్ పెంచే బదులు, ఫైనాన్స్ వాళ్లు ఏం అడుగుతారో, క్వాలిటీ వాళ్లు ఏం అడుగుతారో ఊహించి, జవాబులు ఒక్క పేజీలో రాసి ఆ కుర్రాడికి ఇవ్వండి. తవ్వేది అతనే, గునపం మనం అందించాలి.

తవ్వకం మొదలైందని ఎలా తెలుస్తుంది? ప్రశ్నలు వస్తాయి. "రాత్రి షిఫ్ట్‌లో ఎంతమంది ఉంటారు? సెలవు రోజు సర్వర్ ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి?" విసుగు పుట్టించే ఇలాంటి మెయిళ్లే మంచి కబురు. థాంక్స్ తప్ప ప్రశ్న గానీ, తేదీ గానీ రాకపోతే ఆశ తగ్గించుకోండి. 'కొంచెం కష్టం' అన్నారంటే మాత్రం చాలావరకు కుదరదనే. అందరి ముందూ "ఏది కష్టం?" అని నిలదీయకండి. తర్వాత విడిగా, మార్చిన ప్రతిపాదనతో వెళ్లండి.

అన్ని కంపెనీలూ ఇలా ఉండవు. ఓనరే నడిపే చిన్న సంస్థలో ఆయన అక్కడికక్కడే తేల్చేయవచ్చు.

[వేగంగా]

టైమ్ అయిపోతోంది, జర్మనీ గురించి రెండు ముక్కలు. అక్కడి క్లయింట్ "ఈ లెక్క తప్పు" అని మొహం మీదే అన్నా టెన్షన్ పడకండి. సాధారణంగా ఆ మాట లెక్క గురించే, మీ గురించి కాదు. లెక్క ఎలా వచ్చిందో చూపించండి, చర్చ సాగుతుంది.

మళ్లీ జపాన్. ముద్రలన్నీ పడ్డాక వాళ్లు పని వెంటనే మొదలవ్వాలనుకుంటారు. అప్పుడు మీరు "ఇంకో చిన్న షరతు" అన్నారనుకోండి, ఆ కాగితం మళ్లీ మొదటి టేబుల్ నుంచి తిరగాల్సి రావచ్చు. షరతులన్నీ ఆ కుర్రాడికిచ్చే పేజీలోనే రాసేయండి.